పొగమంచు, మిస్ట్, హేజ్: విజయవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా ఇవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. పొద్దున్నే గన్నవరం వెళ్ళాల్సినవాళ్ళు, తెనాలి నుంచి బండి మీద డ్యూటీకి వచ్చేవాళ్ళు, కళ్ళాల్లో మిర్చి ఆరబోసినవాళ్ళు అడిగినవి అడిగినట్టే ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా సరిపోతుంది కాబట్టి మీకు కావాల్సిన చోటి నుంచి చదువుకోవచ్చు.

## కళ్ళ ముందున్నది ఏమిటి?

ఫాగ్, మిస్ట్, హేజ్ అని మూడు పేర్లు ఎందుకు? అన్నీ మంచే కదా?

మొదటి రెండూ మంచే, మూడోది కాదు. ఫాగ్ అన్నా మిస్ట్ అన్నా గాలిలో తేలే సన్నటి నీటి బిందువులు. వాటి మధ్య తేడా అంతా ఎంత దూరం కనిపిస్తోందన్న దానిలోనే ఉంది. 1000 మీటర్ల లోపే చూపు ఆగిపోతే ఫాగ్, అంటే మనం పొగమంచు అనేది. 1000 మీటర్లు దాటి 5000 దాకా కనిపిస్తే మిస్ట్, అంటే పలచటి మంచు. ఈ 1000 అనే గీత విమానాల వాళ్ళూ వాతావరణ శాఖ వాళ్ళూ సౌకర్యం కోసం పెట్టుకున్నది. 950 మీటర్ల దగ్గర ఉన్న గాలికీ 1050 దగ్గర ఉన్న గాలికీ స్వభావంలో తేడా ఏమీ ఉండదు.

హేజ్ సంగతి వేరు. అందులో ఉన్నవి దుమ్ము, పొగ, సముద్రం నుంచి వచ్చిన ఉప్పు లాంటి పొడి కణాలు. వాటిలో చాలావరకు ఒక మైక్రాన్ కంటే చిన్నవి. పొగమంచు బిందువు సాధారణంగా 10, 20 మైక్రాన్ల దాకా ఉంటుంది. అందుకే ఎండెక్కితే మంచు ఆవిరైపోతుంది కానీ హేజ్ మధ్యాహ్నం కూడా అలాగే ఉండగలదు.

నేను చూస్తున్నది మంచా, పొడి మసకా? ఎలా తేల్చుకోవాలి?

ఫోన్‌లో తేమ శాతం చూడటం అన్నిటికంటే తేలిక. 75 లోపు ఉండి దూరం మసకగా ఉంటే హేజ్. 95 దాటితే మంచు అనడంలో సందేహం అక్కర్లేదు. మధ్యలో ఉన్నప్పుడు రెండూ కలిసే ఉంటాయి. పొగ కణాలు చాలావాటికి తేమను పీల్చుకునే గుణం ఉంది. గాలిలో తేమ పెరిగేకొద్దీ అవి నీరు పట్టి ఉబ్బుతాయి. రాత్రి పది గంటలకు హేజ్‌గా ఉన్నదే తెల్లవారుజామున మిస్ట్ అయి, ఆ తర్వాత ఫాగ్ కావడం మన దగ్గర మామూలే. ఆ కణాలే బిందువులకు విత్తనాలవుతాయి.

రంగు కూడా కొంత చెబుతుంది. మంచు తెల్లగా, బూడిద రంగుగా ఉంటుంది. హేజ్‌లోంచి చూస్తే దూరపు కొండలు నీలంగా, వెలుతురు వైపు చూస్తే పసుపుగానో గోధుమ రంగుగానో కనిపిస్తాయి.

చాలామంది బండి సీటు తడిసిందా అని చూస్తారు. అది సరైన గుర్తు కాదు. సీటు మీద పడింది మంచు బిందువులు కాదు, రాత్రంతా చల్లబడ్డ సీటు మీద అక్కడికక్కడే నీరుగా మారిన తేమ. మంచు లేని రాత్రి కూడా సీటు తడుస్తుంది. చూడాల్సింది హెల్మెట్ అద్దాన్ని. పొడిగుడ్డతో తుడుచుకుని బయల్దేరాక నడుస్తుండగా మళ్ళీ బయటివైపు తడి పడుతుంటే గాలిలో బిందువులు ఉన్నట్టే.

వార్తల్లో "దట్టమైన పొగమంచు" అంటారు. దానికి ఏదైనా లెక్క ఉందా?

ఉంది. భారత వాతావరణ శాఖ లెక్కలో 500 నుంచి 1000 మీటర్ల దాకా కనిపిస్తే తేలికపాటిది, 200 నుంచి 500 అయితే ఓ మోస్తరు, 50 నుంచి 200 అయితే దట్టమైనది, 50 కంటే తక్కువైతే అతి దట్టమైనది. మీ ఇంటి మీద నుంచి కనిపించే వాటర్ ట్యాంకునో సెల్ టవర్‌నో ఒకటి రెండిటిని ఎంచుకుని, ఫోన్ మ్యాప్‌లో వాటి దూరం కొలిచి పెట్టుకోండి. ఆ తర్వాత ఏది కనపడకుండా పోయిందో చూసి మీరే చెప్పేయొచ్చు. వార్తల్లో ఈ మాట వాడేటప్పుడు ఆ లెక్క చూసుకునేవాళ్ళు తక్కువ అనే నా అనుమానం.

మంచు కురుస్తుంది అంటారు కదా, పైనుంచి పడుతుందా?

మన చలికాలపు పొగమంచు పైనుంచి పడదు. నేల దగ్గర పుట్టి పైకి పెరుగుతుంది. మొదట మోకాలెత్తున పొలం మీద తెల్లటి దుప్పటిలా కనిపిస్తుంది. తర్వాత మనిషెత్తు, ఆ తర్వాత కొబ్బరిచెట్ల ఎత్తు. మన వైపు చాలాసార్లు కొన్ని పదుల మీటర్ల మందంతోనే ఆగిపోతుంది. అందుకే కింద రోడ్డు కనపడని పూట కూడా తల పైకెత్తితే చుక్కలో చంద్రుడో కనిపిస్తుంటాయి. చెట్ల కింద చినుకులు రాలితే అవి ఆకుల మీద చేరిన బిందువులు కలిసి జారినవి.

## రాత్రి ఏం జరుగుతుంది?

రేడియేషన్ ఫాగ్ అంటే ఏమిటి? సెల్ టవర్లకూ దీనికీ సంబంధం ఉందా?

ఏ సంబంధమూ లేదు. ఇక్కడ రేడియేషన్ అంటే నేల తన వేడిని కంటికి కనపడని కిరణాలుగా ఆకాశంలోకి వదిలేయడం. నేల పగలూ రాత్రీ ఈ పని చేస్తూనే ఉంటుంది. పగలు ఎండ నుంచి వచ్చేది ఎక్కువ కాబట్టి తెలియదు. సూర్యుడు దిగాక రాబడి ఆగిపోయి ఖర్చు ఒక్కటే మిగులుతుంది. నేల చల్లబడుతుంది. దాన్ని ఆనుకుని ఉన్న గాలి కూడా చల్లబడుతుంది. అందుకే అలాంటి రాత్రుల్లో మామూలుకు విరుద్ధంగా కింద చల్లగా, కాస్త పైన వెచ్చగా ఉంటుంది.

గాలి చల్లబడేకొద్దీ ఆవిరిని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరిని ఉంచుకోగలదు. 17 డిగ్రీలకు వస్తే 14.5 గ్రాములే. మిగిలినది ఎక్కడికో ఒక చోటికి పోవాలి. చాలా భాగం గడ్డి మీదా రేకుల మీదా తడిగా దిగుతుంది. కొంచెం గాలిలోనే బిందువులై నిలుస్తుంది. ఆ కొంచెమే పొగమంచు.

ఆ కొంచెం ఎంతంటే, ఓ మోస్తరు మంచులో ఘనపు మీటరుకు ఒక గ్రాములో పదో వంతు నీళ్ళు. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది నిండా మంచు పట్టినా అందులోని నీళ్ళన్నీ కలిపితే టీస్పూను నిండదు. అంత తక్కువ నీళ్ళు కోట్లాది బిందువులుగా చీలి వెలుతురును చెదరగొట్టడం వల్లే ఎదురుగా ఉన్న లారీ కనపడదు. గాలిలో పొగ కణాలు ఎక్కువుంటే అవే నీళ్ళు ఇంకా ఎక్కువ, ఇంకా చిన్న బిందువులుగా పంచుకోబడతాయి. చూపు మరింత తగ్గుతుంది.

ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రే ఎందుకు? మబ్బు పడితే చెమ్మ ఎక్కువ కదా?

మబ్బు కూడా కిందికి వేడిని పంపుతుంది. నేల వదిలినదాంట్లో చాలా భాగం తిరిగి వస్తుంది కాబట్టి నేల చల్లబడటం మందగిస్తుంది. పలచటి ఎత్తు మబ్బులైతే అంతగా అడ్డం రావు. కిందుగా దట్టంగా ఉన్న మబ్బు మాత్రం ఆ రాత్రికి మంచును ఆపేయగలదు. ఈశాన్య రుతుపవనాలు తగ్గి, అల్పపీడనాల హడావుడి ముగిసి, ఆకాశం తేటపడే రోజులు మన దగ్గర డిసెంబరు ఆఖరు తర్వాత ఎక్కువవుతాయి. అప్పటికి రాత్రులు కూడా పొడుగు. చల్లబడటానికి పదమూడు గంటల దాకా దొరుకుతుంది.

గాలి అసలు కదలకపోతే మంచు ఇంకా బాగా పట్టాలి కదా?

అలా అనిపిస్తుంది కానీ కాదు. గాలి పూర్తిగా నిలిచిపోతే చల్లదనం నేలకు అంటుకున్న పలచటి పొరలోనే ఉండిపోతుంది. ఆ పొరలోని ఆవిరంతా గడ్డి మీద తడిగా దిగిపోతుంది. ఫలితంగా పొలం గట్టున నడిస్తే పంచె తడుస్తుంది కానీ మంచు మాత్రం పాదాల ఎత్తున ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

అగరుబత్తి పొగ ఒక పక్కకు మెల్లగా వంగేంత గాలి ఉంటే ఆ చల్లదనం పైకి పాకుతుంది. సెకనుకు ఒకటి రెండు మీటర్లు చాలు. అదే నాలుగైదు మీటర్లకు పెరిగితే పైనున్న వెచ్చటి, పొడి గాలి కిందికి కలిసిపోయి మంచు చెదిరిపోతుంది. ఈ సన్నటి హద్దు వల్లే ఒకేలా కనిపించే రెండు రాత్రుల్లో ఒకదానికి మంచు వస్తుంది, ఇంకోదానికి రాదు. అంచనాలు ఎక్కువగా తప్పేది కూడా ఇక్కడే.

డిసెంబరులో గజగజ వణికిన రోజు మంచు లేదు, ఫిబ్రవరిలో అంత చలి లేకపోయినా కమ్మేసింది. ఇదెక్కడి లెక్క?

చలి ఒక్కటే మంచు తేదు. గాలి ఎంత చల్లబడితే అది ఇక పట్టనంతగా ఆవిరితో నిండిపోతుందో ఆ ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. వాతావరణ యాప్‌లు చాలావాటిలో అదే పేరుతో కనిపిస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత దిగి దిగి ఆ అంకెను అందుకోవాలి. అప్పుడే మంచు.

ఉత్తరం నుంచి పొడిగాలి దిగినప్పుడు చలి బాగా ఉంటుంది కానీ డ్యూ పాయింట్ ఇంకా కిందికి పోతుంది. ఉదాహరణకు తెల్లవారుజామున 15 డిగ్రీలు ఉండి, డ్యూ పాయింట్ 11 ఉందనుకోండి. ఇంకా నాలుగు డిగ్రీల దూరం ఉంది, అప్పటికే తెల్లారిపోతుంది. వణుకు తప్ప మంచు లేదు. జనవరి ఆఖరు, ఫిబ్రవరికి గాలి తరచుగా తూర్పు, ఆగ్నేయం వైపు తిరిగి బంగాళాఖాతం తేమను తెస్తుంది. డ్యూ పాయింట్ 19, 20కి ఎక్కుతుంది. ఆకాశం మాత్రం ఇంకా నిర్మలంగానే ఉంటుంది. అప్పుడు 19 డిగ్రీలకే గాలి ఆవిరితో నిండిపోతుంది. స్వెటర్ అక్కర్లేని పూట ఎదురిల్లు కనపడకపోవడానికి కారణం ఇదే. కోస్తా మంచుకు చలి కంటే చెమ్మ ముఖ్యం.

## ఒక రాత్రి, గంట గంటకీ

గన్నవరం విమానాశ్రయం రిపోర్టు చూస్తే అన్నీ కోడ్‌లే. దాన్ని చదివి మంచు సంగతి ఎలా తెలుసుకోవాలి?

విమానాశ్రయాలు ఇచ్చే ఈ రిపోర్టును మెటార్ అంటారు. గన్నవరం గుర్తు `VOBZ`. ఒక జనవరి రాత్రి ఎలా సాగుతుందో చూపించడానికి నేను రాసిన నమూనా ఇది, నిజంగా వచ్చిన రిపోర్టు కాదు:

```
VOBZ 141630Z 07003KT 4000 HZ NSC 23/18 Q1015
VOBZ 142130Z 06002KT 2000 BR NSC 19/18 Q1014
VOBZ 150030Z 06002KT 0300 FG NSC 18/18 Q1015
VOBZ 150330Z 09004KT 3000 BR NSC 21/19 Q1017
```

మొదటి రెండు అంకెలు తేదీ, తర్వాతి నాలుగు గ్రీన్‌విచ్ సమయం. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం. అంటే ఇవి రాత్రి 10, తెల్లవారుజాము 3, పొద్దున 6, 9 గంటల రిపోర్టులు. `07003KT` అంటే 70 డిగ్రీల దిక్కు నుంచి, దాదాపు తూర్పు నుంచి, 3 నాట్ల గాలి, అంటే గంటకు సుమారు అయిదున్నర కిలోమీటర్లు. ఆ తర్వాతి నాలుగంకెలు మీటర్లలో చూపు. `HZ` హేజ్, `BR` మిస్ట్, `FG` ఫాగ్. `NSC` అంటే చెప్పుకోదగ్గ మబ్బులు లేవని. `23/18`లో మొదటిది ఉష్ణోగ్రత, రెండోది డ్యూ పాయింట్. చివర `Q` పక్కనున్నది గాలి ఒత్తిడి, మనకు అక్కర్లేదు.

ఇప్పుడు కథ చదవండి. పదింటికి రెండు అంకెల మధ్య 5 డిగ్రీల దూరం, తేమ 73 శాతం దాకా. సంక్రాంతి రోజులు కాబట్టి వంటల పొగ, బండ్ల పొగ, గడ్డి తగలబెట్టిన పొగ అంతా కిందనే చిక్కుకుని హేజ్ చూపిస్తోంది. మూడింటికి దూరం ఒక్క డిగ్రీ. కణాలు నీరు పట్టి ఉబ్బాయి, చూపు సగానికి పడింది, పేరు మిస్ట్‌గా మారింది. ఆరింటికి రెండూ 18. చూపు 300 మీటర్లు. ఈ మధ్యలో గాలి 2 నాట్ల దగ్గరే ఉండటం గమనించండి. అది 7, 8కి పెరిగి ఉంటే కథ మిస్ట్ దగ్గరే ఆగిపోయేది. తొమ్మిదింటికి ఉష్ణోగ్రత 21కి ఎక్కింది. డ్యూ పాయింట్ కూడా 19 అయింది. రాత్రి గడ్డి మీద దిగిన తడి తిరిగి గాలిలోకి వచ్చిందనడానికి అదే గుర్తు.

ఒక్క చిక్కు. అంకెలను దగ్గరి పూర్ణాంకానికి సవరించి ఇస్తారు కాబట్టి `18/18` కనిపించినంత మాత్రాన మంచు ఉందని కాదు. పక్కన `FG` ఉందా, నాలుగంకెలు 1000 కంటే తక్కువా అన్నవే చూడాలి. `MIFG` అని ఉంటే అది నేలబారు మంచు, మనిషి ఎత్తుకు పైన అంతా కనిపిస్తుంది. `BCFG` అంటే అక్కడక్కడా ముక్కలుగా ఉన్నది.

## మన చుట్టుపక్కల

బెంజ్ సర్కిల్ దగ్గర ఏమీ లేదు, కంకిపాడు వైపు వెళ్తే ముందున్న బండి కనపడలేదు. పది పదిహేను కిలోమీటర్లలో అంత తేడానా?

ఉంటుంది. ఊరి నడుమ సిమెంటు, తారు పగటి వేడిని దాచుకుని రాత్రంతా మెల్లగా వదులుతాయి. బీసెంట్ రోడ్డులో తెల్లవారుజామున ఉన్న ఉష్ణోగ్రత పొలాల్లో కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువుండటం వింత కాదు. డ్యూ పాయింట్‌ను అందుకోవడానికి ఆ రెండు మూడు డిగ్రీలే తక్కువవుతాయి. పైగా ఊళ్ళో తడినేల తక్కువ.

కంకిపాడు, ఉయ్యూరు వైపు అయితే వరికోతలు అయ్యాక కూడా మాగాణి నేలలో చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మ మీదే మినుము, పెసర పెరుగుతాయి. పక్కనే బందరు కాలువ. ఆకాశం కేసి అడ్డం లేకుండా తెరుచుకున్న చదునైన పొలం వేగంగా చల్లబడుతుంది. గుంటూరు వైపు కూడా ఇంతే. ఊరి నడిబొడ్డున ఏమీ లేని పూట తెనాలి రోడ్డులో కాలువల వెంట మంచు ముక్కలు ముక్కలుగా నిలిచి ఉంటుంది. చల్లగాలి బరువు కాబట్టి పల్లంలోకి జారుతుంది. రోడ్డు కల్వర్టు దగ్గర దిగే చోట ఒక్కసారిగా తెల్లటి గోడ ఎదురవడం అందుకే.

ప్రకాశం బ్యారేజీ దగ్గర పొద్దున్నే నీళ్ళ మీద నుంచి పొగలు లేస్తాయి. అదీ ఇదేనా?

కాదు. దాన్ని ఆవిరి మంచు అనొచ్చు. పగలంతా వేడెక్కిన నది నీరు రాత్రికి నేలంత త్వరగా చల్లబడదు. పక్క ఒడ్డు నుంచి చల్లగాలి నీటి మీదికి జారినప్పుడు నీళ్ళ నుంచి లేచే ఆవిరి ఆ చల్లగాలిలో కలిసి వెంటనే బిందువులవుతుంది. పాయలు పాయలుగా లేచి, కొంచెం పైకి పోగానే మాయమవుతుంది. రేడియేషన్ ఫాగ్ అలా లేవదు, కదలకుండా పరుచుకుని ఉంటుంది. రెండూ ఒకే పూట పక్కపక్కన కనిపించవచ్చు.

భోగి రోజు కమ్మేది మంచా, మంటల పొగా?

రెండూ. తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, దానిపైన వెచ్చటి గాలి ఉంటాయి. ఈ వెచ్చటి పొర మూతలా పనిచేసి పొగను పైకి పోనివ్వదు. వీధి వీధికీ వేసిన మంటల పొగ ఆ కాస్త ఎత్తులోనే పరుచుకుంటుంది. తేమ కూడా నిండుకు దగ్గరగా ఉంటే ప్రతి పొగ కణమూ నీరు పట్టుకుంటుంది. తేడా తెలియాలంటే ఎండెక్కే దాకా ఆగండి. తొమ్మిది, పదింటికల్లా తెలుపు పోయి గోధుమ రంగు మసక మిగిలితే ఆ మిగిలింది పొగ. గొంతు మంట పుట్టించేది కూడా అదే, మంచులోని నీళ్ళు కాదు. ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ ఉదయం వాకింగ్ మానుకోవడమే మంచిది.

## ముందు రోజు సాయంత్రం

రేపు పొద్దున మంచు ఉంటుందో లేదో ఈ రోజే చెప్పగలమా?

కొంతవరకు చెప్పగలం. మధ్యాహ్నం బాగా ఎండగా ఉన్న సమయంలో, రెండు మూడు గంటలప్పుడు, డ్యూ పాయింట్ ఎంతుందో రాసుకోండి. అప్పుడు గాలి కింద నుంచి పైదాకా బాగా కలిసి ఉంటుంది కాబట్టి ఆ అంకె నేల దగ్గరి చెమ్మనే కాక పైనున్న చెమ్మను కూడా చెబుతుంది. సాయంత్రం ఏడింటికి చూస్తే పొలాల తడి కిందే చేరి అంకె పెరిగి కనిపిస్తుంది. అది పలచటి పొర సంగతి మాత్రమే.

తర్వాత రేపటి కనిష్ఠ ఉష్ణోగ్రత అంచనా చూడండి. అది మధ్యాహ్నపు డ్యూ పాయింట్ కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి పోయేలా ఉంటే మంచుకు అవకాశం బలంగా ఉంది. ఉదాహరణకు మధ్యాహ్నం 19, రేపటి కనిష్ఠం 17. ఆకాశం నిర్మలం, రాత్రి గాలి గంటకు 8 కిలోమీటర్ల లోపు. అలాంటప్పుడు ఆరున్నర బస్సుకు ఇంకో అరగంట ముందే బయల్దేరడం నయం. రెండు అంకెలూ సమానంగా ఉంటే తడి మాత్రం ఖాయం, మంచు సంగతి చెప్పలేం. కనిష్ఠమే ఎక్కువుంటే ఫోన్ పక్కన పెట్టి పడుకోండి.

ఒక జాగ్రత్త: యాప్ చూపించే కనిష్ఠం మీ పొలానిది కాకపోవచ్చు. బయట పల్లెల్లో దాని కంటే ఒక డిగ్రీ తక్కువే అనుకుని లెక్కేయండి.

అన్నీ కుదిరాయి, అయినా మంచు రాలేదు. ఎక్కడ తప్పింది?

ఎక్కువసార్లు మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. అర్ధరాత్రి దాటాక గాలి లేచి ఉండవచ్చు. రాత్రి మధ్యలో మబ్బు తెర వచ్చి పోయి ఉండవచ్చు, పడుకున్నవాళ్ళకు అది తెలియదు. లేదా పైగాలి బాగా పొడిగా ఉండి, కింద చెమ్మ అంతా తడిగా దిగిపోయి ఉండవచ్చు. పొద్దున్నే గడ్డి బాగా తడిసి, గాలి తేటగా ఉంటే మూడోదే అనుకోండి.

## తెల్లారాక

ఆరింటికి పలచగా ఉంది, ఏడింటికి ఇంకా చిక్కబడింది. సూర్యుడు వస్తే తగ్గాలి కదా?

మన దగ్గర జనవరి మధ్యలో సూర్యోదయం సుమారు 6:40కి. ఉష్ణోగ్రత అన్నిటికంటే కిందికి పోయేది కూడా ఆ వేళకే. తొలి ఎండ చేసే మొదటి పని గడ్డి మీది తడిని ఆవిరి చేయడం. చల్లగానే ఉన్న గాలిలోకి కొత్త ఆవిరి వచ్చి చేరుతుంది. దానితోపాటు గాలి కొంచెం కదిలి, నేలబారుగా ఉన్న మంచును పైకి కలుపుతుంది. అందుకే సూర్యోదయం చుట్టూ ఉన్న గంటే చాలాసార్లు అన్నిటికంటే చెడ్డది. అయిదింటికి బయట చూసి బాగుందని బయల్దేరినవాళ్ళు దారిలో ఇరుక్కునేది ఇక్కడే.

ఎన్నింటికి విడిపోతుంది?

పలచగా ఉంటే ఎనిమిదికి, దట్టంగా ఉంటే తొమ్మిదిన్నర, పదికి అనుకోవచ్చు. మంచులోంచి దిగిన కాస్త వెలుతురు నేలను వేడెక్కిస్తే మంచు అడుగు నుంచి కరుగుతూ పోతుంది. అందుకే మొదట రోడ్డు కనిపించి, తర్వాత మేడలు కనిపిస్తాయి. కాసేపు తలపైన తక్కువెత్తు మబ్బులా నిలిచి, అదీ విడిపోతుంది. మంచు పైన ఇంకో మబ్బు పొర వస్తే మాత్రం ఆలస్యమవుతుంది. ఉత్తరాదిలో లాగా రోజుల తరబడి ఉండదు, మన ఎండకు అంత బలం ఉంది.

హైవే మీద మంచులో ఎంత స్పీడ్ సేఫ్?

ఎదురుగా ఎంత దూరం కనిపిస్తోందో ఆ దూరంలో ఆగగలిగేంత. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. చూసి బ్రేక్ మీద కాలు పడేసరికి రెండు సెకన్లు, అంటే 33 మీటర్లు పోయాయి. ఆ తర్వాత ఆగడానికి ఇంకో 20, 25 కావాలి. చూపు 50 మీటర్లే ఉంటే 60 చాలా ఎక్కువ, 40 కూడా టెన్షన్ పడాల్సిందే. హై బీమ్ వేస్తే వెలుతురు బిందువుల మీద పడి మీ కళ్ళలోకే తిరిగొస్తుంది కాబట్టి లో బీమ్ చాలు. ఆగాల్సి వస్తే రోడ్డు అంచున కాదు, రోడ్డు పూర్తిగా దిగి పెట్రోలు బంకులోనో ధాబా ముందో ఆపండి.

కళ్ళంలో మిర్చి ఉంది. మంచు పట్టే రాత్రి ఏం చేయాలి?

కాయను చెడగొట్టేది మంచు కంటే దానికి ముందు దిగే తడి. అది సాయంత్రం పొద్దు వాలిన కాసేపటికే మొదలవుతుంది. అందుకే అర్ధరాత్రి కప్పితే లాభం లేదు, కాయ ఇంకా వెచ్చగా ఉండగానే పోగు చేసి పట్టా కప్పాలి. పట్టా ఆకాశం వైపు తిరిగి చల్లబడుతుంది, తడి దాని మీద దిగుతుంది. పట్టా పైన నీళ్ళు నిలిస్తే పొద్దున్నే ముందు వాటిని ఒక పక్కకు జార్చండి. తర్వాత మంచు విడిచి, నేల ఆరి, తేమ 70 శాతం లోపుకి దిగాకే విప్పండి. ఏడింటికే విప్పితే చల్లటి కాయ మీద గాలిలోని ఆవిరంతా మళ్ళీ చేరుతుంది. రంగు పోవడం, బూజు పట్టడం అక్కడి నుంచే మొదలవుతాయి.